పేరు వినగానే కథ తెలిసిపోకూడదు

(ఆదివాసీ దినోత్సవ కార్యక్రమంలో, యువత తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగ పాఠం. ఇందులో సినిమా కథంతా విప్పి చెప్పాం. చూడనివారు ముందు సినిమా చూసి వచ్చి ఇది చదవండి.)

  

ఇందాక మీరు చూసిన సినిమా 24 నిమిషాలు. తీసింది మన పిల్లలే. కెమెరా పట్టింది, మాటలు రికార్డు చేసింది, రాత్రుళ్లు కూర్చుని ఎడిటింగ్ చేసింది అంతా వాళ్లే. నేను పక్కన కూర్చుని ఇక్కడ కొంచెం కత్తిరించు, అక్కడ కొంచెం ఆగు అని చెప్పానంతే. సినిమా పూర్తయింది కానీ పేరు లేదు. కంప్యూటర్‌లో దాని పేరు ఇప్పటికి "ఓజా ఫైనల్ 3". నిన్న బోర్డు మీద పిల్లలు ముప్పై దాకా పేర్లు రాశారు. వాటిలో కొన్నింటిని తీసుకుని, ఏది ఎందుకు పనికిరాదో, ఏది ఎందుకు పనికొస్తుందో మీ ముందు మాట్లాడమన్నారు. అందుకే నిలబడ్డాను.

కథ ఇంకోసారి గుర్తు చేసుకుందాం. పేరు మంచిదా కాదా అన్నది కథను బట్టే తేలుతుంది. ఓజా పెద్దాయన ఒకరు ఉన్నారు. గోండుల పండుగలకు, దేవతలకు కావలసిన ఇత్తడి వస్తువులు చేసే ఇల్లు అది. పెద్దకొడుకు లారీ మీద పనికి వెళ్లిపోయాడు. పెద్దాయన చేతులు వణుకుతున్నాయి. ఒక గంట చేసిపెట్టమని పక్క గూడెం నుంచి అడిగారు. 16 నిమిషాల దాకా మనకు ఒకటే భయం, ఈయనతో ఈ పని అయిపోతుందేమోనని. 17వ నిమిషంలో కెమెరా ఇంటి లోపలికి వెళ్తుంది. అక్కడ కోడలు కూర్చుని మట్టి అచ్చు మీద మైనపు పోగు చుడుతూ ఉంటుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ పని ఆమెదేనని అప్పుడు తెలుస్తుంది. పెద్దాయన కొలిమి దగ్గర బయట కూర్చుంటాడు కాబట్టి కొనేవాళ్లకు, ఫొటోలు తీసేవాళ్లకు, మనకు కూడా ఆయనే కనిపించాడు. ఆ గంటను చివరకు చేసేది ఆమె.

ఈ సినిమాకు ప్రాణం ఆ 17వ నిమిషం. చూసేవాళ్లు అక్కడికి తెలియకుండా రావాలి. పేరేమో వాళ్లను లోపలికి పిలవాలి. కష్టమంతా ఇక్కడే ఉంది. పిలవాలంటే ఏదో ఒకటి చెప్పాలి, చెబితే తెలిసిపోతుంది.

బోర్డు మీద అన్నిటికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన పేరు "చివరి ఓజా". నిన్న ఒక తమ్ముడు నాతో గట్టిగానే వాదించాడు. "అన్నా, చివరి అని ఉంటేనే కదా జనం ఆగి చూస్తారు? ఫోన్‌లో వేలితో తోసుకుంటూ పోయేవాణ్ని ఆపేది ఆ మాటే" అన్నాడు. అతను అన్నది తప్పు కాదు. చివరి అన్న మాట ఆపుతుంది. అయితే ఆ మాట విని వచ్చినవాడు ఒక ముగింపు చూడటానికి వస్తాడు. పెద్దాయన దగ్గినప్పుడల్లా అదేనేమో అనుకుంటాడు. 17వ నిమిషంలో కోడలు కనబడగానే, "మరి చివరి అన్నారు కదా" అంటాడు. పేరు చెప్పిన మాటను మన సినిమాయే కాదంటుంది. ఆశ్చర్యం కలగాల్సిన చోట మోసపోయినట్లు ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అది అసలే నిజం కాదు. ఉషేగాం, కేస్లాగూడ లాంటి ఊళ్లలో ఈ పని చేసే ఇళ్లున్నాయి. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన తెర మీద ఒకాయనను చివరివాడు అని రాస్తే, పక్క ఊళ్లో కొలిమి దగ్గర కూర్చున్న మనిషి ఏమనుకోవాలి? ఎక్కడో నగరంలో ఒక పెళ్లికో, ఆఫీసుకో ఇరవై వస్తువులు చేయించాలనుకున్నవాళ్లు ఈ పేరు చూస్తే, ఇక చేసేవాళ్లు లేరట అని వెనక్కి తిరుగుతారు. పేరు ఒక్క మాటే కానీ అది ఇంటి ఆర్డరు మీద కూడా పడుతుంది.

చివరి అన్న మాట ఎప్పుడూ వాడకూడదని కాదు. 2023లో అమెరికాలో "ది లాస్ట్ రిపేర్ షాప్" అనే చిన్న డాక్యుమెంటరీ వచ్చింది, 2024లో దానికి ఆస్కార్ కూడా వచ్చింది. లాస్ ఏంజిలిస్‌లో బడిపిల్లల వాయిద్యాలను ఉచితంగా బాగుచేసే దుకాణం కథ అది. అక్కడ చివరి అన్నది కథ మొదలయ్యే చోటు. అలాంటి దుకాణాలు దాదాపు మిగలలేదు, అందులో పనిచేసేవాళ్లెవరో చూద్దాం రండి అని ఆ పేరు అంటుంది. ఆ మనుషుల బతుకుల గురించి ఒక్క ముక్క కూడా బయటపెట్టదు. మన "చివరి ఓజా" మాత్రం కథ ఎక్కడ ఆగుతుందో చెబుతుంది, అదీ అబద్ధంగా చెబుతుంది. ఒకే మాట ఒక చోట గుమ్మం, ఇంకో చోట గోడ.

తర్వాత "అంతరిస్తున్న ఓజా కళ", "కనుమరుగవుతున్న ఇత్తడి వైభవం" ఇలాంటివి ఏడెనిమిది ఉన్నాయి. వీటికి ఒక పరీక్ష చెబుతాను. ఓజా అన్న మాట తీసేసి అక్కడ కుమ్మరి అని పెట్టండి. తర్వాత తోలుబొమ్మ అని పెట్టండి. పేరు అలాగే సరిపోతే అది మన సినిమా పేరు కాదు. ఏ కళ మీద తీసినా అతుక్కునే కాగితం ముక్క. "4,500 ఏళ్ల విద్య" అని ఒక చెల్లె రాసింది. మొహెంజొదారోలో దొరికిన నాట్యగత్తె బొమ్మ కూడా ఈ మైనపు పద్ధతిలోనే పోశారు కాబట్టి ఆ లెక్క వచ్చింది. ఆ సంగతి నిజమే. కానీ మన సినిమా మొహెంజొదారో గురించి కాదు, ఒక ఇంటి గురించి. ఆ పేరు చూసి వచ్చినవాడు చరిత్ర పాఠం కోసం చూస్తూ కూర్చుంటాడు.

"ఓజా విద్య బతుకుతుందా?" అన్నది కూడా ఉంది. ప్రశ్న పెడితే ఆసక్తి కలుగుతుందని అందరూ అనుకుంటాం. ఇలాంటి ప్రశ్న చూడగానే జనం మనసులో "బతకదులే పాపం" అని జవాబు చెప్పేసుకుని వెళ్లిపోతారు. అవును, కాదు అని తేల్చేయగల ప్రశ్నకు లోపలికి రావాల్సిన పనే లేదు.

ఇక అటువైపు చివర "కోడలు పోసిన గంట". వినడానికి ఎంత బాగుందో చూడండి. పాట పల్లవిలా ఉంది. కానీ 17వ నిమిషంలో మనం తెరిచే తలుపును ఇది వీధిలోనే తెరిచేస్తుంది. కోడలు ఎప్పుడు వస్తుందా అని మొదటి నిమిషం నుంచీ ఎదురుచూస్తే పెద్దాయన మీద ఎవరికీ దిగులు కలగదు. ఆ దిగులు లేకపోతే ఆమె కనబడినప్పుడు ఊపిరి పీల్చుకోవడం కూడా ఉండదు.

"కంచు చేతులు" అని రాసినవాళ్లకు ఒక్క మాట. ఓజాలు కరిగించేది ఇత్తడి. కంచు వేరు, ఇత్తడి వేరు. మాట గంభీరంగా ఉందని లోహాన్ని మార్చేస్తే, సినిమా చూసిన మొదటి ఓజా ఇంట్లోనే నవ్వుతారు.

మరి పిలిచీ చెప్పకుండా ఉండటం ఎలా? బాగా కుదిరిన రెండు పేర్లు చూద్దాం. 2012లో వచ్చిన "సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్". అమెరికాలో రోడ్రిగెజ్ అనే పాటగాడు. సొంత దేశంలో ఎవరికీ తెలియదు, దక్షిణాఫ్రికాలో మాత్రం ఇంటింటా అతని పాటే. అతను చచ్చిపోయాడని అక్కడ చెప్పుకునేవారు. ఇద్దరు అభిమానులు అసలేం జరిగిందో వెతకడం మొదలుపెడతారు. ఆ పేరులో షుగర్ మ్యాన్ అన్నది అతని పాట పేరు, ముందున్న మాటకు వెతకడం అని అర్థం. వెతుకుతున్నాం అని చెప్పింది, ఏం దొరికిందో చెప్పలేదు. నేనూ చెప్పను, చూడండి.

రెండోది మీలో చాలామంది చూసే ఉంటారు, "ది ఎలిఫెంట్ విస్పరర్స్". తమిళనాడు ముదుమలై అడవిలో కాట్టునాయకర్ సమాజానికి చెందిన బొమ్మన్, బెళ్లి, వాళ్లు పెంచిన రఘు అనే ఏనుగుపిల్ల. 2023లో ఆస్కార్ వచ్చింది. ఆ సినిమాలో కడుపు తరుక్కుపోయే ఎడబాటు ఉంది. పేరులో దాని నీడ కూడా లేదు. ఏనుగులతో గుసగుసలాడేవాళ్లు అని, వాళ్లకు చేతనైన పనిని మాత్రం చెప్పింది. వాళ్లకు ఏమైందో చెప్పలేదు.

నాకు ఇక్కడే దారి కనబడింది. మనుషులకు ఏమవుతుందో చెప్పే పేరు కథను బయటపెడుతుంది. మనుషులు ఏం చేస్తారో, దేన్ని పట్టుకుని చేస్తారో చెప్పే పేరు కథను దాచుకుంటుంది. అందుకని నిన్న సాయంత్రం బోర్డు తుడిచేసి, పనిలో వచ్చే వస్తువులు, మాటలు మాత్రమే రాయమన్నాను. మట్టి, మైనం, గుగ్గిలం, పోగు, అచ్చు, కొలిమి, ఇత్తడి, ఆకురాయి.

పని ఎలా జరుగుతుందో తెలియకపోతే వీటిలో ఏది ఏరుకోవాలో తెలియదు, కాబట్టి సినిమాలో గబగబా వెళ్లిపోయిన ఆ భాగాన్ని నెమ్మదిగా చెబుతాను. ముందు మట్టితో లోపలి ఆకారం చేసి ఆరబెడతారు. తేనెపట్టు మైనంలో గుగ్గిలం కలిపి సన్నని పోగులుగా తీస్తారు. ఆ పోగులను మట్టి ఆకారం చుట్టూ ఒకదాని పక్కన ఒకటి చుడతారు. గంట మీద కనిపించే చారలు, మెలికలు, చుక్కలు అన్నీ ఇప్పుడే, మైనంలోనే పడతాయి. దాని మీద ముందు మెత్తటి మట్టి, తర్వాత ముతక మట్టి పూసి అచ్చు చేస్తారు. ఆరాక కాలుస్తారు. మైనం కరిగిపోతుంది. అది ఖాళీ చేసిన సందులోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక అచ్చు పగలగొడతారు. ఒక అచ్చు ఒక్క వస్తువుకే, అందుకే ఏ రెండు గంటలూ ఒకలా ఉండవు.

ఈ మాటల నుంచి మూడు పేర్లు వచ్చాయి. "మైనం కరిగింది", "అచ్చు పగిలాక", "మైనపు పోగు".

మన భాషలో క్రియ ఎంత చెబుతుందో ఇక్కడ చూడండి. "కరిగింది" అంటే అయిపోయింది. విన్నవాడికి ఒక ముగింపు చేతికిచ్చేశాం. "కరిగితే" అంటే షరతు, "కరిగాక" అంటే తర్వాత ఏదో ఉంది. పేరులో జరిగిపోయిన కాలం పెట్టినప్పుడల్లా ఒకసారి ఆగి ఆలోచించండి. "ఆరిన కొలిమి", "మూగబోయిన గంట" కూడా ఇదే జాతి. విశేషణంలా కనిపిస్తాయి కానీ లోపల ముగిసిపోయిన క్రియ ఉంది. అలా మొదటిది పోయింది.

"అచ్చు పగిలాక" నాకు చాలా ఇష్టం. తర్వాత ఏమిటన్న ప్రశ్నను మన చేతిలో పెట్టి వదిలేస్తుంది. కానీ పెద్దాయనకు చెబితే ఆయన ముఖం చిట్లించాడు. ఆయనకు అచ్చు పగలడం అంటే వస్తువు పుట్టడం, రోజూ జరిగేదే. పని తెలియని బయటివాళ్లకు మాత్రం పగలడం అంటే నాశనం. ఒకే పేరు ఇంట్లోవాళ్లకు ఒకలా, బయటివాళ్లకు సరిగ్గా ఎదురుగా వినిపిస్తోంది. పైగా తొంభైమంది మనసులో అది మళ్లీ "అంతరిస్తున్న" దగ్గరికే వెళ్లి వాలుతుంది. రెండో స్థానంలో ఉంచాను.

"మైనపు పోగు" సాదాగా ఉంది. నిన్న ఎవరూ చప్పట్లు కొట్టలేదు కూడా. అయినా నా ఓటు దానికే. ఎందుకంటే, ఇత్తడి గంటలో మైనం ఎక్కడా ఉండదు. కొన్నవాడు దాన్ని ఎప్పటికీ చూడడు. కానీ గంట మీద కంటికి కనిపించే ప్రతి గీతా ఆ పోగు గీసినదే. ఇప్పుడు మన సినిమాలో కోడలును తలుచుకోండి. 16 నిమిషాలు ఆమె కనిపించదు. కానీ మనం చూసిన ప్రతి వస్తువు మీదా ఉన్నది ఆమె చేతి పనే. సినిమా చూడకముందు ఆ పేరు ఒక వస్తువు మాత్రమే, చూశాక అది ఒక మనిషి. మొదటి షాట్‌లో పీట మీద ఆ పోగు ఒక్కటే ఉంది, చేతులు లేవు. అది ఎవరు తీసిందో 17వ నిమిషంలో తెలుస్తుంది. పేరు ఏమీ దాచలేదు, మొదటి నిమిషంలోనే చూపించింది. ఎవరూ గమనించరు, అంతే.

దీనికి లోపం లేదా అంటే ఉంది. మా అత్తకు ఫోన్‌లో ఈ పేరు చెప్పాను. "కొవ్వొత్తుల సినిమానా?" అంది. ఆమె అన్నది న్యాయమే. మైనం అంటే ఇప్పుడు ఇళ్లలో గుర్తొచ్చేది కొవ్వొత్తే. అంటే ఈ పేరు ఒంటరిగా నిలబడలేదు, పక్కన ఒక ఉపశీర్షిక కావాలి. పనిని ఇద్దరికీ పంచుదాం. పేరు ఆసక్తి చూసుకుంటుంది, కింది లైను సమాచారం చూసుకుంటుంది. "మైనపు పోగు" కింద "ఆదిలాబాద్ ఓజాల ఇత్తడి పని". అందులో కోడలు లేదు, చివరి లేదు, అంతరించడం లేదు. వెతికేవాడికి కావలసిన ఊరు, వాళ్ల పేరు, లోహం ఉన్నాయి. ఓజా అన్న మాట అసలు పేరులో లేకపోయినా నష్టం లేదు, ఈ లైనులో ఉంటే చాలు.

యూట్యూబ్‌లో పేరు గడిలో 100 అక్షరాల దాకా పడతాయి కానీ ఫోన్‌లో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. కాబట్టి ముందు పేరు, తర్వాత ఉపశీర్షిక. "డాక్యుమెంటరీ", "అవార్డు" లాంటివి ముందు పెట్టకండి. మనవాళ్లు చాలామంది తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు. మైనం అన్నదాన్ని ఒకరు Mainam అంటారు, ఇంకొకరు Mynam అంటారు. పేరు గడిలో ఒకటే పెట్టి, రెండో స్పెల్లింగును కింద వివరణలో రాయండి. లేకపోతే మన సినిమా ఉండి కూడా దొరకదు. అప్‌లోడ్ చేసే ముందు రెండు స్పెల్లింగులతోనూ వెతికి, అదే పేరుతో ఇంకో సినిమా గానీ, పాట గానీ ఉందేమో చూడండి.

ఇంత జాగ్రత్తగా పేరులో దాచి, పక్కన మూడు చోట్ల వదిలేస్తుంటారు. ఒకటి, పైన కనిపించే బొమ్మ. నిన్న ఒక తమ్ముడు చేసిన పోస్టర్‌లో కోడలు గంట పట్టుకుని నవ్వుతోంది. సినిమాలోకెల్లా అందమైన షాట్ అదే, కాబట్టే చెయ్యి అటు పోయింది. దాన్ని వాడితే పేరు పడ్డ కష్టం వృథా. పీట మీద పోగు, వెనక మసకగా కొలిమి మంట, అది చాలు. ఇత్తడి రంగు కనబడుతుంది కాబట్టి మా అత్త కొవ్వొత్తి అనుమానం కూడా తీరుతుంది.

రెండోది, వివరణ. ఫిల్మ్ ఫెస్టివల్‌కు పంపేటప్పుడు రెండు వాక్యాల్లో కథ అడుగుతారు. 16వ నిమిషం దగ్గర ఆగిపోండి. "చేతులు వణుకుతున్న ఒక ఓజా పెద్దాయనకు పండుగలోపు ఒక గంట చేసివ్వాల్సి వచ్చింది. కొడుకు ఊళ్లో లేడు." ఇంతే. తర్వాత ఏమైంది అని చదివినవాడు అడిగితే మన పని జరిగినట్లే. ఎంపిక చేసేవాళ్లకు పూర్తి కథ కావాలని విడిగా అడిగితే వాళ్లకు మాత్రం మొత్తం రాసివ్వండి, అది ప్రేక్షకులకు చూపించే కాగితం కాదు.

మూడోది ఎవరికీ తట్టదు. వీడియో కింద గీత మీద భాగాల పేర్లు పెడతారు కదా. నిన్న వివరణలో ఇలా రాసి ఉంది.

```
0:00 కొలిమి
6:40 గంట ఆర్డరు
17:00 కోడలి చేతి పని
```

సినిమా మొదలవగానే వేలు గీత మీద పెట్టినవాడికి మూడో లైను కనిపిస్తుంది. కథ అక్కడే అయిపోయింది. 24 నిమిషాల సినిమాకు ఆ భాగాలు అక్కర్లేదు, తీసేయండి. యూట్యూబ్ తనంతట తాను భాగాలు పెట్టకుండా ఆ సెట్టింగ్ కూడా ఆపేయండి.

పేరు తేల్చే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఈ రాత్రికే చేయొచ్చు. సినిమా చూడని పదిమందిని పట్టుకోండి. అందులో మన గూడెంవాళ్లు, పట్నంవాళ్లు ఇద్దరూ ఉండాలి. పేరు, ఉపశీర్షిక ఒక్కసారే చెప్పి, "సినిమాలో ఏం జరుగుతుందనుకుంటున్నారు?" అని అడగండి. ఎవరైనా కోడలు అనో, ఆడవాళ్లు అనో అంటే పేరు లీకైనట్లు. అందరూ "ఏమో" అని ఊరుకుంటే పేరు పిలవనట్లు. "మైనంతో ఇత్తడి ఎలా చేస్తారు?" అని ఎదురు అడిగితే సరిగ్గా ఉన్నట్లు. రేపు పొద్దున మళ్లీ ఫోన్ చేసి, పేరు గుర్తుందా అని అడగండి. గుర్తు లేకపోతే "అచ్చు పగిలాక"ను మళ్లీ బల్ల మీదికి తెద్దాం, నాకు పట్టుదల లేదు.

అన్నిటికంటే ముందు ఆ ఇంటికి వెళ్లాలి. పెద్దాయనకు చెప్పినట్లే ఆమెకూ ఎదురుగా కూర్చుని పేరు చెప్పండి, ఎందుకు పెట్టామో చెప్పండి. మైనపు పోగును వాళ్లింట్లో వేరే మాటతో పిలుస్తారేమో అడగండి. మనం ఆరు రోజులు షూటింగ్ చేసి ఆ మాట అడగనే లేదు. అలాంటి మాట ఉండి, బయటివాళ్ల నోటికి కూడా తిరిగేదైతే, నేను ఇప్పటిదాకా చెప్పినదాన్ని పక్కన పెట్టి అదే పేరుగా పెట్టండి. కింద "ఆదిలాబాద్ ఓజాల ఇత్తడి పని" అలాగే ఉంటుంది. పోస్టర్ చేసే తమ్ముడు ఆ మాట వచ్చేదాకా పైన ఖాళీ వదిలి, మిగతాది పూర్తి చేసుకోవచ్చు.